బీప్ ఎప్పుడు మోగాలి, ఎప్పుడు ఊరుకోవాలి: మియాపూర్ నుంచి ఔటర్ దాకా ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

పొద్దున ఏడింటికి మియాపూర్‌లో బయల్దేరాం. నడిపేది మా డ్రైవర్ అన్న. పక్క సీట్లో నేను, వెనక ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. ఇంజన్ స్టార్ట్ చేయగానే అన్న సీటు బెల్టు పెట్టుకున్నాడు, అద్దం సర్దుకున్నాడు, స్క్రీన్ మీద మూడు మెనూలు దాటి వెళ్లి ముందు వాహనం హెచ్చరికను ఆఫ్ చేశాడు. వేళ్లకు దారి తెలుసు, స్క్రీన్ వైపు సరిగా చూడను కూడా చూడలేదు.

"అదెందుకు ఆపావన్నా? మనం టెస్ట్ చేయాల్సింది దాన్నే కదా."

"ఓ, మీరొచ్చింది దీనికేనా సార్? ఊకె మొత్తుకుంటది సార్ ఇది. బైక్ అడ్డమొస్తే మొత్తుకుంటది, ఆటో అడ్డమొస్తే మొత్తుకుంటది. హైదరాబాద్‌ల అడ్డం రానిదెవరు?"

అసలు సమస్యను ఆయన అక్కడే చెప్పేశాడు. ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. ఎఫ్‌సీడబ్ల్యూ అంటే ముందున్న వాహనాన్ని గుద్దేలా ఉన్నప్పుడు బీప్ కొట్టి చెప్పడం. ఏఈబీ అంటే డ్రైవర్ స్పందించకపోతే బండి తనంతట తానే బ్రేకు వేయడం. మొదటిది విసిగిస్తే జనం మెనూలోకి వెళ్లి మొత్తం ఆపేస్తారు, చాలాసార్లు దాంతోపాటు రెండోది కూడా పోతుంది. కాబట్టి మాకు అప్పగించిన పని, అసలు మోగాల్సిన చోట మోగకుండా పోనివ్వకుండా, అనవసరంగా మోగేవాటిని తగ్గించడం.

బండిలో ఉన్నవి ఇవి: అద్దం వెనక ఒక కెమెరా, ముందు బంపర్ వెనక 77 గిగాహెర్ట్జ్ రాడార్, ఇవి చెప్పినదంతా రాసుకునే రికార్డర్. బ్రేకు పెడల్, యాక్సిలరేటర్, స్టీరింగ్ సంకేతాలు కూడా అందులోకే వస్తాయి. రోడ్డు మీద ఏఈబీకి నిజంగా బ్రేకు వేసే అధికారం తీసేశాం. "ఇప్పుడైతే వేసేదాన్ని" అని రికార్డులో ఒక గుర్తు పెడుతుంది, అంతే. వెనక ఆర్టీసీ బస్సు అతుక్కుని వస్తుంటే మా ప్రయోగం కోసం బండి ఉన్నట్టుండి ఆగడం కుదరదు కదా. బీప్ మాత్రం నిజంగానే మోగుతుంది. అన్న చేతికి అందేలా ఒక నీలం బటన్ పెట్టాం. అనవసరంగా మోగిందనిపిస్తే నొక్కాలి.

దారి: మియాపూర్, కేపీహెచ్‌బీ, మూసాపేట, అమీర్‌పేట, పంజాగుట్ట, మెహిదీపట్నం. అక్కడ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగి, శంషాబాద్ దగ్గర ఔటర్ మీదికి వెళ్లి, గచ్చిబౌలి మీదుగా వెనక్కి. సుమారు 80 కిలోమీటర్లు. ఇరుకు రోడ్డూ, ఫ్లైఓవరూ, ఖాళీ రోడ్డూ మూడూ ఒక్క చుట్టులోనే వస్తాయి.

మూడో రోజు

మూడు చుట్లయ్యాయి. మొత్తం 61 సార్లు మోగింది. సాయంత్రం కూర్చుని ఒక్కో బీప్ వీడియో చూసి నాలుగు గంపల్లో వేశాం. బైకులు, ఆటోలు మా ముందుకు దూరినవి 38. ముందు బండి ఎడమకు తిరిగి వెళ్లిపోతుండగా మోగినవి 11. ముందు ఏమీ లేకుండానే మోగినవి 5. నిజంగా మోగాల్సినవి 7.

నాలుగు గంపలు ఎందుకంటే, మొదటిదీ మూడోదీ ఒకే రకం తప్పులు కావు. ఏమీ లేని చోట మోగితే అది సెన్సర్ పొరపాటు. బైకు నిజంగానే ఉంది, డ్రైవర్ దాన్ని ముందే చూశాడు, అయినా మోగిందంటే అది లెక్క పొరపాటు. రెండింటినీ "ఫాల్స్ అలారం" అని ఒకే పేరుతో పిలిస్తే దేన్ని సరిచేయాలో ఎప్పటికీ తేలదు. 61 లో మూడొంతులకు పైగా సెన్సర్ సరిగ్గా చూసినవే.

ఔటర్ మీద మూడు చుట్లలో కలిపి మోగింది రెండే రెండు సార్లు. అక్కడ బైకులకు ప్రవేశం లేదు మరి.

నాలుగో రోజు

ముందుగా అందరూ చేసే పనే మేమూ చేశాం: బీప్ ఎక్కడ మోగాలో చెప్పే గీతను కిందికి జరిపాం.

ఇప్పటి నియమం టీటీసీ మీద నడుస్తుంది. అంటే ముందు వాహనానికి ఉన్న దూరాన్ని దానికీ మనకూ ఉన్న వేగం తేడాతో భాగిస్తే వచ్చే సెకన్లు. ఇద్దరం ఇలాగే పోతే ఇన్ని సెకన్లలో తగులుతాం అని చెప్పే అంకె. బండిలో అది 2.4 కన్నా తగ్గితే మోగుతుంది. దాన్ని 1.6 కి తగ్గించి, పాత మూడు చుట్ల రికార్డింగులనే మళ్లీ నడిపించాం. బండి కదలక్కర్లేదు, డెస్క్ మీదే తేలిపోతుంది. 61 కాస్తా 24 అయ్యాయి. టీమ్‌లో చిన్న సంబరం.

టీ తాగి వచ్చాక మోగాల్సిన ఏడింటిని చూశాం. అందులో మూడు ఆలస్యంగా మోగుతున్నాయి. ఆలస్యం అంటే ఎంతో లెక్క వేస్తే నవ్వు ఆగిపోయింది. మనం గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతున్నాం అనుకోండి, అంటే సెకనుకు 15 మీటర్లు. ముందు లారీ ఆగి ఉంది. 1.6 సెకన్ల దగ్గర మోగితే అప్పటికి దూరం 24 మీటర్లు. బీప్ విని కాలు బ్రేకు మీదికి చేరడానికి సుమారు 1.2 సెకన్లు వేసుకుంటే 18 మీటర్లు అక్కడే పోయాయి. మిగిలింది ఆరు మీటర్లు. ఆరు మీటర్లలో ఆగాలంటే దాదాపు 19 మీ/సె² తో వేగం తగ్గాలి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే మామూలు కారు ఇవ్వగలిగేది సుమారు ఎనిమిది, తొమ్మిది. అంటే ఆ బీప్ హెచ్చరిక కాదు, జరగబోయేదానికి నేపథ్య సంగీతం. పాత 2.4 దగ్గరే మోగితే దూరం 36 మీటర్లు, ప్రతిస్పందన పోగా 18 మిగులుతుంది, 6.25 తో ఆగవచ్చు. గట్టి బ్రేకే, కానీ సాధ్యం.

చాలా కార్ల మెనూలో ఉండే "ముందుగా, మామూలుగా, ఆలస్యంగా" అనే మూడు ఎంపికలు చేసేది స్థూలంగా ఈ గీత జరపడమే. విసుగు తగ్గుతుంది, దానికి మూల్యం మోగాల్సిన వాటి నుంచే పోతుంది.

ఆరో రోజు

నిన్నంతా రెండే రెండు రికార్డింగులు పక్కపక్కన పెట్టుకుని చూశాను. రెండింట్లోనూ మా వేగం గంటకు 36, అంటే సెకనుకు 10 మీటర్లు. రెండింట్లోనూ టీటీసీ సరిగ్గా 2 సెకన్లు.

మొదటిది కేపీహెచ్‌బీలో. ఒక బైకు ఎడమ నుంచి మా ముందుకు దూరింది. నాలుగు మీటర్ల దూరం. అదీ కదులుతూనే ఉంది, సెకనుకు 8 మీటర్లు. వేగం తేడా 2. నాలుగును రెండుతో భాగిస్తే 2 సెకన్లు. మోగింది, అన్న నీలం బటన్ నొక్కాడు.

రెండోది మెహిదీపట్నం దగ్గర. 20 మీటర్ల ముందు ఒక లారీ ఆగి ఉంది. వేగం తేడా 10. ఇరవైని పదితో భాగిస్తే మళ్లీ 2 సెకన్లే. మోగింది, అన్న గట్టిగా బ్రేకు వేశాడు, బటన్ జోలికి పోలేదు.

టీటీసీకి ఈ రెండూ ఒకటే. డ్రైవర్‌కు నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. బైకు విషయంలో యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తీస్తే చాలు. లారీ విషయంలో బ్రేకు తొక్కి నిలబడాలి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఎన్ని సెకన్లలో తగులుతాం?" కాదు, "తగలకుండా ఉండాలంటే ఎంత గట్టిగా బ్రేకు వేయాలి?" అన్నది. డ్రైవర్ ప్రతిస్పందనలో పోయే దూరాన్ని తీసేసి, మిగిలిన దూరంలో వేగం తేడా సున్నా కావాలంటే ఎంత కావాలో చూడాలి:

```
d_left = gap - v_rel * t_react - margin
a_req  = v_rel**2 / (2 * d_left)
# v_rel <= 0 అయితే a_req = 0
# లేకపోతే, d_left <= 0 అయితే వెంటనే హెచ్చరిక
```

దీన్ని రాసి నడిపితే మొదటి ఫలితం చూసి తల పట్టుకున్నాను. బైకుకు 20 వచ్చింది, లారీకి 7.7. అంతా తలకిందులు. పొరపాటు ఎక్కడా అని గంట వెతికితే తేలింది: చివర్లో వదిలే ఖాళీ, అంటే `margin`, నేను 1.5 మీటర్లు పెట్టాను. బైకు ఉన్నదే నాలుగు మీటర్ల దూరంలో. ప్రతిస్పందనకు 2.4 పోగా, ఖాళీకి 1.5 పోతే మిగిలేది పది సెంటీమీటర్లు. దాంతో భాగిస్తే ఏ అంకైనా ఆకాశానికి ఎక్కుతుంది. ఒకటిన్నర మీటర్ల ఖాళీ అన్నది రోడ్డు మీద వాహనాలు దూరదూరంగా పోయే దేశాల లెక్క. మన సిగ్నళ్ల దగ్గర ఆ ఖాళీలో ఇంకో బైకు పడుతుంది.

అర మీటరుకు తగ్గించాక బైకుకు 1.8, లారీకి 6.7 వచ్చాయి. డ్రైవర్ అనుభవానికి సరిపోయిన అంకెలు. గీత 4 దగ్గర పెట్టాం. మామూలుగా మనం నెమ్మదిగా ఆగేటప్పుడు వాడేది రెండు, మూడు. నాలుగు దాటిందంటే ప్రయాణికులు ముందుకు తూలే బ్రేకు కావాలన్నమాట.

వైపర్ తిరుగుతుంటే అదే గీత 3. తడి రోడ్డు మీద పట్టు తక్కువ, అంతకన్నా దానికి వివరణ అక్కర్లేదు.

ఎనిమిదో రోజు

ప్రతిస్పందన సమయం 1.2 సెకన్లు అందరికీ, అన్నివేళలా ఒకటే అనుకోవడం తప్పని వీడియోల్లో కనిపించింది. అమీర్‌పేట గుంపులో అన్న కాలు దాదాపు ఎప్పుడూ బ్రేకు మీదే తేలుతూ ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలేసి ఉన్నాడంటే ఏదో చూశాడనే అర్థం. అందుకని కాలు యాక్సిలరేటర్ మీద ఉంటే 1.2, వదిలేసి ఉంటే 0.8 అని పెట్టాం. ఇప్పటికే బ్రేకు వేస్తుంటే, వేస్తున్నది అవసరమైనంత ఉందా అని చూస్తాం. ఉంటే చప్పుడు లేదు. చాలకపోతే మోగుతుంది. డ్రైవర్ ఇప్పటికే చేస్తున్న పనిని మళ్లీ చెప్పే బీప్ కన్నా చిరాకు పుట్టించేది ఇంకోటి లేదు, పక్క సీట్లో కూర్చుని "బ్రేకు, బ్రేకు" అనే మామయ్యలాగా.

ఎడమకు తిరిగే బండ్ల గంప కూడా ఇవాళే ముగిసింది. పెట్రోల్ బంకులోకి తిరిగే కారు సగం మన దారిలోంచి బయటికి వెళ్లిపోయి ఉంటుంది. మనం అక్కడికి చేరేసరికి దాని తోక మన దారికి కనీసం 30 సెంటీమీటర్లు అవతల ఉంటుందా అని దాని పక్కవాటు వేగాన్ని బట్టి చూస్తాం. ఉంటే స్క్రీన్ మీద గుర్తు మాత్రమే. బంకులో క్యూ ఉండి కారు తోక బయటే ఆగిపోయిందంటే, పక్కవాటు కదలిక ఆగిన మరుక్షణం అది మళ్లీ లెక్కలోకి వస్తుంది.

పదో రోజు

చెడ్డ రోజు.

మూసాపేట దగ్గర, గంటకు 40 లో పోతున్నాం. ముందు బస్సు ఆగి ఉంది. ఒక బైకు మా మధ్యలోకి దూరింది, బస్సు చూసి సడన్ బ్రేకు వేసింది. మా సిస్టమ్ కిక్కురుమనలేదు. అన్న బ్రేకు వేశాక, అదీ సగం పని అయ్యాక, బీప్ వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. "ఇప్పుడు మరీ మూగదైపోయింది సార్" అన్నాడు.

బైకు హఠాత్తుగా ఆగడం వల్ల లెక్క తప్పిందని ముందు అనుకున్నాం. నిజమే, కొత్తగా కనిపించిన వాహనం వేగం తగ్గిస్తోందో లేదో నమ్మకంగా చెప్పడానికి రాడార్‌కు కొంత సమయం పడుతుంది. మొదటి అర సెకను అంకెలు ఎగిరెగిరి పడతాయి, వాటిని నమ్మితే మళ్లీ ప్రతి బైకుకీ మోగుతుంది. ఆ దారిలో ఒక పూట వృథా చేశాం.

ఫ్రేము ఫ్రేముగా చూసిన అమ్మాయి సాయంత్రం అడిగింది, "సార్, బస్సు ఎక్కడికి పోయింది?"

రికార్డులో బస్సు ఉంది. రాడార్‌లోనూ ఉంది, కెమెరాలోనూ ఉంది. బైకు సన్నటిది, దాని పక్కల నుంచి బస్సు వెనకభాగం నిండుగా కనిపిస్తోంది. కానీ మా లెక్క తీసుకునేది "దారిలో అన్నిటికన్నా దగ్గరగా ఉన్న వస్తువు" ఒక్కదాన్నే. బైకు దూరగానే బస్సు లెక్కలోంచి జారిపోయింది. అంకెలు వేసి చూస్తే, బైకు ఐదు మీటర్ల దూరంలో గంటకు 32 తో పోతోంది, దానికి అవసరమైన బ్రేకు 1.3 కి కాస్త ఎక్కువ. నిశ్శబ్దమే సరి. అదే క్షణంలో బస్సు 26 మీటర్ల దూరంలో ఆగి ఉంది, దానికి అవసరమైనది 5.1. మోగాల్సిందే. బైకు బ్రేకు వేయడానికి ముందే మోగాల్సింది.

బైకు ఎందుకు ఆగబోతోందో బైకును చూస్తే తెలియదు, దాని ముందున్నదాన్ని చూస్తే తెలుస్తుంది. ఇది రోడ్డు మీద ప్రతి డ్రైవర్‌కూ తెలిసిన సంగతే, కోడ్ రాసేటప్పుడు మేం మర్చిపోయాం. సరిచేయడం రెండు లైన్ల పని: దారిలో ఉన్న ప్రతి వస్తువుకూ లెక్క వేసి, అన్నిట్లో పెద్దది తీసుకోవాలి.

```
threat = max((a_req(o) for o in objects_in_path), default=0)
```

పాత టీటీసీ నియమంలో ఈ లోపం లేదా అంటే, ఉంది. అది దూరే ప్రతి బైకుకీ మోగేది కాబట్టి బయటపడలేదు. నిశ్శబ్దం వచ్చాకే తప్పు వినిపించింది.

ఈ రికార్డింగును మోగాల్సిన ఏడింటితో కలిపి ఎనిమిది చేశాం. ఇక ఏ అంకె మార్చినా ముందు ఈ ఎనిమిదీ నడవాలి. ఒక్కటి తప్పినా ఆ మార్పు లోపలికి రాదు.

పదమూడో రోజు

ఏమీ లేకుండా మోగిన ఐదు. వీటిలో కొన్ని అమీర్‌పేట వంపులో మెట్రో పిల్లర్లు, కొన్ని పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండు శ్లాబుల మధ్య ఉండే ఇనుప అతుకులు, ఒకటి ఔటర్ మీద తల పైన ఉన్న బోర్డు. ఈ రాడార్‌కు దూరం, వేగం బాగా తెలుస్తాయి, ఎత్తు సరిగా తెలియదు. ఇనుము రోడ్డు మీద ఉందో తల పైన ఉందో దానికి పెద్ద తేడా లేదు. మన ఊళ్లో అడ్రసులు పిల్లర్ నంబర్లతో చెప్పుకుంటాం, రాడార్‌కు మాత్రం ప్రతి పిల్లరూ ఆగిపోయిన లారీయే.

ఎప్పుడూ కదలగా చూడని వస్తువు రాడార్‌లో మాత్రమే ఉంటే, కెమెరా కూడా అది వాహనమని ఒప్పుకునే దాకా మోగవద్దు అని పెట్టాం. ఐదులో మూడు పోయాయి. కానీ దీనికి ఒక ధర ఉంది, ఇక్కడ రాసిపెట్టుకోవాలి. రాత్రి ఔటర్ మీద వెనక లైట్లు లేకుండా ఆగిన లారీ కూడా "ఎప్పుడూ కదలగా చూడని వస్తువే". కెమెరాకు అది హెడ్‌లైట్ వెలుగులోకి వచ్చాకే కనిపిస్తుంది. ఈ అంకెలతో రాత్రి ఆ లారీకి మా హెచ్చరిక ఆలస్యమే. దీన్ని గీతలు జరిపి సరిచేయలేం, ఎత్తు కూడా కొలిచే రాడార్ కావాలి.

పదహారో రోజు

ఇవాళ్టి నుంచి ఏఈబీ. ఊరి బయట ఖాళీ యార్డు ఒకటి అద్దెకు తీసుకున్నాం. గుద్దడానికి ఒక "కారు" కావాలి. పరీక్షా కేంద్రాల్లో వాడే మెత్తటి డమ్మీ కారు మా బడ్జెట్‌కు అందదు. ఫోమ్ షీట్లు కట్టి, వాటి వెనక అల్యూమినియం రేకు అతికించాం, రాడార్ కోసం. కెమెరా కోసం ఒక కారు వెనకభాగం ఫొటోను అసలు సైజులో ఫ్లెక్స్ కొట్టించాం. ఫ్లెక్స్ షాపతను ఫైల్ తెరిచి, "లీడర్ ఫొటో ఎక్కడ పెట్టమంటారు సార్?" అని అడిగాడు.

ఏఈబీ ఎప్పుడు వేయాలన్నదానికి రెండు హద్దులున్నాయి. ఒకటి, ఇక ఇప్పుడు బ్రేకు వేయకపోతే ఆగలేం అనే క్షణం. రెండోది, ఇక ఇప్పుడు స్టీరింగ్ తిప్పకపోతే తప్పించుకోలేం అనే క్షణం. ఆ రెండో క్షణం దాటకముందే బండి బ్రేకు వేస్తే, తిప్పి తప్పించుకుందామనుకున్న డ్రైవర్‌కు అడ్డం పడినట్టు. మన ఊళ్లో చివరి క్షణంలో కొంచెం తిప్పి పక్కనుంచి పోవడం రోజూ జరిగేదే. కారు వెడల్పు 1.8 మీటర్లు పక్కకు జరగాలంటే, గట్టిగా తిప్పినా సుమారు 0.85 సెకన్లు పడుతుంది. వేగం ఎంతైనా ఇది పెద్దగా మారదు. బ్రేకుకు పట్టే సమయం మాత్రం వేగంతో పెరుగుతుంది.

అందుకని 0.9 సెకన్ల దగ్గర బ్రేకు అని పెట్టి మొదలుపెట్టాం. గంటకు 30 లో ఫ్లెక్స్‌కు అర మీటరు పైనే ముందు ఆగింది. చప్పట్లు. 40 లో గుద్దింది. రికార్డు చూస్తే తగిలినప్పుడు వేగం 15. ఫోమ్ రెండు ముక్కలైంది, మిగతా రోజంతా టేపు చుట్టడంతో సరిపోయింది.

లెక్క ప్రకారం గుద్దాల్సిందే. ఆజ్ఞ వెళ్లాక బ్రేకు పూర్తి బలం అందుకోవడానికి ఈ బండిలో సుమారు 0.3 సెకన్లు పడుతోంది. 40 వేగంలో అంటే మూడు మీటర్ల పైన ఊరికే పోతున్నాయి. ఆ తర్వాత ఆగడానికి 7.7 మీటర్లు. మొత్తం పదకొండు కావాలి, 0.9 సెకన్ల దగ్గర ఉన్నది పదే.

పదిహేడో రోజు

సులువైన దారి 0.9 ని 1.05 చేయడం. కానీ అప్పుడు స్టీరింగ్ హద్దు కన్నా బాగా ముందే బ్రేకు పడుతుంది. నిన్న రాత్రి, బ్రేకు వేయకుండా గుర్తు మాత్రమే పెట్టిన రికార్డులను 1.05 తో నడిపితే, రోడ్డు మీద "వేసేదాన్ని" అన్న కొత్త గుర్తు ఒకటి వచ్చింది. మెహిదీపట్నం దగ్గర ఒక ఆటో పక్కనుంచి అన్న మామూలుగా తప్పించుకుపోయిన చోటు అది. వెనక రెండు బైకులున్నాయి. ఒక్క అనవసరపు బీప్‌కు చిరాకు పడతారు, ఒక్క అనవసరపు బ్రేకుకు వెనకవాళ్లు వచ్చి గుద్దుతారు. రెండింటినీ ఒకే త్రాసులో తూచలేం.

కాబట్టి గీత జరపకుండా, ఊరికే పోతున్న ఆ మూడు మీటర్ల వెంట పడ్డాం. బీప్ మోగిన క్షణంలోనే బ్రేకు లైన్లలో కొద్దిపాటి ఒత్తిడి నింపి, ప్యాడ్లు డిస్కుకు ఆనేలా సిద్ధం చేస్తాం. వేగం తగ్గదు, డ్రైవర్‌కు తెలియను కూడా తెలియదు. ఆజ్ఞ వచ్చేసరికి సగం దారి ముందే నడిచి ఉంటాం. 0.3 కాస్తా 0.15 దగ్గరికి వచ్చింది. 40 వేగంలో ఇప్పుడు కావాల్సింది 9.4 మీటర్లు, ఉన్నది 10. మళ్లీ నడిపాం. ఫ్లెక్స్‌కు అర మీటరు దూరంలో ఆగింది. గీత 0.9 దగ్గరే ఉంది.

ఏఈబీకి ఐక్యరాజ్యసమితి నియమం 152 ఉంది. అందులో అత్యవసర బ్రేకుకు కనీసం 0.8 సెకన్ల ముందు హెచ్చరిక రావాలని, ఆ బ్రేకు కనీసం 5 మీ/సె² కోరాలని చెబుతారు. 40 లో ఆగి ఉన్న కారుకు మా కొత్త బీప్ 2.6 సెకన్ల దగ్గర మోగుతుంది, బ్రేకు 0.9 దగ్గర. మధ్యలో ఒకటిన్నర సెకను పైనే ఉంది, బ్రేకు లైన్లలో ఒత్తిడి నింపడానికీ అదే సమయం. 50, 60 వేగాల్లో 0.9 తో పూర్తిగా ఆగలేం, దెబ్బ తీవ్రతే తగ్గుతుంది. అక్కడ డ్రైవర్ స్టీరింగ్ కదపడం లేదని రూఢి అయితేనే ముందుగా వేసే నియమం వేరుగా రాయాలి. ఈ ఫోమ్‌తో ఆ వేగాలు ప్రయత్నించే ధైర్యం మాకు లేదు.

ఇరవయ్యో రోజు

అదే దారి, అదే అన్న, మళ్లీ మూడు చుట్లు. 17 సార్లు మోగింది. మోగాల్సినవి 9, బైకులు 6, ఏమీ లేనివి 2. ఆ ఆరు బైకుల్లో రెండింటికి అన్న బటన్ నొక్కలేదు. అడిగితే, "అవి నేను కూడా చూడలే సార్" అన్నాడు. వాటిని ఏ గంపలో వేయాలో ఇంకా తేల్చుకోలేదు.

మూడో చుట్టు పొద్దున స్టార్ట్ చేసి బెల్టు పెట్టుకుని, అద్దం సర్దుకుని, అన్న గేరు వేశాడు. మెనూలోకి వెళ్లలేదు. నేనేమీ అనలేదు.

కూకట్‌పల్లి దాటాక మాత్రం చూపుడు వేలితో ముందుకు చూపించాడు. ఇనుప కడ్డీలు వేసుకున్న ట్రాలీ ఆటో. కడ్డీలు వెనక దాదాపు రెండు మీటర్లు బయటికి పొడుచుకుని వచ్చి, కొసకు ఒక ఎర్ర గుడ్డ కట్టి ఉంది. స్క్రీన్ మీద మా సిస్టమ్ చూపిస్తున్న దూరం ఆరు మీటర్లు. అది ఆటో బాడీ దాకా. కడ్డీల కొసకు ఉన్నది నాలుగే.

"దీనికి మొత్తుకోదేంది సార్?"

అర మీటరు ఖాళీ దీనికి చాలదు. ప్రతి ఆటోకూ రెండున్నర పెడితే మొదటి రోజుకే తిరిగొస్తాం. కెమెరాలో ఆ ఎర్ర గుడ్డ కనిపిస్తోంది, అది ఎంత దూరం నుంచి నమ్మకంగా దొరుకుతుందో చూడాలి. రేపు ట్రాలీ ఆటోల వీడియోలు ఏరి పక్కన పెట్టమని అమ్మాయికి చెప్పాను.